నువ్వుల నూనె సీసా మీద విడిపోయిన ఒత్తు

తెనాలిలో ఇంట్లోనే కూర్చుని గ్రాఫిక్ డిజైన్ పని చేసుకునే ఒక అమ్మాయి పోయినేడాది నాకు ఫోన్ చేసింది. "అన్నా, నలభై మెయిళ్ళు పంపాను, ఒక్కరూ పలకలేదు" అంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొత్తగా మొదలైన చిన్న కంపెనీల ఓనర్లకు తనను తాను పరిచయం చేసుకుంటూ పంపిన మెయిళ్ళవి. ముందూ వెనుకా పరిచయం లేనివారికి పని అడుగుతూ రాసే ఇలాంటి మెయిల్‌ని మా పనివాళ్ళు కోల్డ్ మెయిల్ అంటారు. ఏం రాశావో పంపమన్నాను. పంపింది.

"గౌరవనీయులైన సర్/మేడమ్, నేను నాలుగేళ్ళ అనుభవం ఉన్న క్రియేటివ్ గ్రాఫిక్ డిజైనర్‌ని. లోగోలు, బ్రోచర్లు, సోషల్ మీడియా పోస్టర్లు, ప్యాకేజింగ్, వెబ్ బ్యానర్లు తక్కువ ధరకే చేసి ఇస్తాను. మీ బ్రాండ్‌ని మరో స్థాయికి తీసుకెళ్తాను. నా పోర్ట్‌ఫోలియో జతచేశాను." కింద 22 ఎంబీల పీడీఎఫ్.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి పని నేను చూశాను, బాగా చేస్తుంది. కానీ ఈ మెయిల్ చదివే మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. గానుగ పెట్టి రెండేళ్ళయింది. పొద్దున్నే గింజల లోడు దించుకోవాలి, సీసాలు అందలేదని ఫోన్లు, కొట్టు వాళ్ళ బాకీలు. ఆ మధ్యలో ఫోన్‌లో మెయిల్ తెరిస్తే ఇందులో ఆవిడ గురించి ఒక్క ముక్క లేదు. ఇదే మెయిల్ ట్యూషన్ సెంటర్‌కీ పంపొచ్చు, బైకు రిపేరు యాప్‌కీ పంపొచ్చు. నిజంగానే పంపింది కూడా, నలభై అడ్రసులూ ఒకేసారి బీసీసీలో పెట్టి. అలా ఒకే ఉత్తరం ఒక్క దెబ్బకి అంతమందికి వెళితే అందులో కొన్ని స్పామ్‌లోకే పోతాయి. పైగా జీమెయిల్‌లో 25 ఎంబీల దాకా జత చేయొచ్చు కదా అని 22 ఎంబీల ఫైల్ పెడితే, మొబైల్ డేటా మీద ఉన్న మనిషి దాన్ని దించుకోడు.

"నీ గురించి తర్వాత. ముందు వాళ్ళ వస్తువు ఒకటి చేతిలోకి తీసుకో" అన్నాను. వాళ్ళింట్లోనే ఉంది. వాళ్ళమ్మ వీధి కొట్లో కొన్న అర లీటరు నువ్వుల నూనె సీసా. ఊరికి దగ్గర్లోనే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు నడిపే గానుగ నూనెల కంపెనీది. లేబుల్ ఫొటో తీసి పంపమన్నాను. రంగులు బాగున్నాయి, ఆకు బొమ్మ ముచ్చటగా ఉంది. కానీ అన్నిటికంటే పెద్ద అక్షరాలతో వేసిన మాట చూడగానే కన్ను అక్కడే ఆగిపోయింది. "నువ్వుల నూనె" అని ఉండాల్సిన చోట "నువ్‌వుల నూనె" అని అచ్చయింది.

రాసేవాళ్ళకి 'నువ్వుల' రాయడం రాక ఇలా జరగలేదు. కంప్యూటర్‌లో తెలుగు ఒత్తు ఎలా తయారవుతుందో తెలిస్తే కారణం తెలుస్తుంది. మనం 'వ్వు' అని టైప్ చేసినప్పుడు ఫైల్‌లో పడేది ఒక వ, ఒక పొల్లు, ఇంకో వ, ఒక కొమ్ము. ఈ నాలుగింటినీ కలిపి, పొల్లు తీసేసి, రెండో వ-ని కింద ఒత్తుగా కూర్చోబెట్టే పని స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్‌ది. ఫోన్లు, బ్రౌజర్లు ఈ పని వాటంతట అవే చేస్తాయి. లేబుళ్ళు చేసే అడోబీ సాఫ్ట్‌వేర్లు మాత్రం ఇంగ్లీషు సెట్టింగ్‌లో ఉంటే చేయవు. ఓనరు వాట్సాప్‌లో సరిగ్గా రాసి పంపిన మాటనే డిజైనరు కాపీ చేసి అతికిస్తే నాలుగూ నాలుగు ముక్కలుగా పక్కపక్కన నిలబడతాయి. అప్పుడు గుణింతాలు కూడా కాస్త చెదురుతాయి. 'నె' రాయాలంటే న మీది తలకట్టు పోయి దాని చోట ఎత్వం రావాలి. ఇక్కడ తలకట్టు పోదు. అలవాటైన కన్ను దాన్ని ఎలాగో సర్దుకుంటుంది. ఊడిపడిన ఒత్తును మాత్రం సర్దుకోలేదు.

సరిచేయడం కష్టమేమీ కాదు. ఇలస్ట్రేటర్‌లో అయితే `Preferences`లో `Type` కింద `Show Indic Options` అని ఉంటుంది. అది ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో దక్షిణాసియా లిపుల కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో దాని పేరు `Adobe World-Ready Paragraph Composer`. ఎంచుకున్న క్షణంలోనే ఒత్తులన్నీ వాటి చోటికి వెళ్ళిపోతాయి. మొదటిసారి చూసినవాళ్ళు ఒక్క నిమిషం అలాగే చూస్తూ ఉండిపోతారు.

ఇంకో అనుమానం కూడా ఉంది. డిజైనరు సరిగ్గానే చేసి ఉండొచ్చు. ప్రెస్సు వాళ్ళు ఆ ఫైల్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు చెదిరి ఉండొచ్చు. అందుకే ప్రెస్సుకి పంపేముందు అక్షరాలని `Create Outlines`తో బొమ్మలుగా మార్చి పంపుతాం. ఆ తర్వాత ఏ మిషన్‌లో తెరిచినా అవి కదలవు, అయితే మళ్ళీ దిద్దడానికీ వీలుండదు. దిద్దుకునే కాపీ విడిగా దాచుకోవాలి. బయట నిలబడి చూసే మనకు తప్పు డిజైనరు దగ్గర జరిగిందా ప్రెస్సులో జరిగిందా తెలియదు. కాబట్టి మెయిల్‌లో ఎవరినీ వేలెత్తి చూపకూడదు. చిన్న కంపెనీల లేబుళ్ళు చేసిపెట్టేది చాలాసార్లు ఓనరుగారి తమ్ముడో, మేనల్లుడో అయి ఉంటాడు.

మరి అచ్చుకి ముందు ఎవరూ చూసుకోలేదా అంటే, చూసుకునే ఏర్పాటే అక్కడ లేదు. ఆహార లేబుళ్ళ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. వాటితోపాటు వేరే భాష కూడా వేసుకోవచ్చు. అందుకని 14 అంకెల లైసెన్సు నంబరు, నికర బరువు, పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క లాంటివన్నీ ఓనరు పదిసార్లు చూసుకుంటారు. తెలుగు మాట చట్టం కోసం వేసింది కాదు, కేవలం కొనేవాళ్ళ కోసం వేసింది. దాన్ని ఎవరూ అడగరు. సీసా చేతిలోకి తీసుకున్న ఆవిడ మాత్రం మొదట చదివేది దాన్నే.

మెయిల్ అడ్రసు ఎక్కడ దొరుకుతుందని ఆ అమ్మాయి అడిగింది. అది కూడా సీసా మీదే ఉంది. ప్యాకెట్ సరుకుల మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరిని అడగాలో, వాళ్ళ పేరు, చిరునామా, ఫోను, మెయిల్ వేయాలని తూనికలు కొలతల శాఖ 2011 నిబంధనలు చెబుతాయి. చిన్న కంపెనీల్లో కస్టమర్ కేర్ అడ్రసుకి వచ్చే మెయిళ్ళు చదివేది ఓనరే. అలాగని ఫిర్యాదులా నటిస్తూ రాయకూడదు. మొదటి వాక్యంలోనే తను ఎవరో, ఏం పని చేస్తుందో చెప్పేయాలి.

రెండు రోజులు తిప్పి తిప్పి రాశాక ఆ మెయిల్ ఇలా తయారైంది. సబ్జెక్టు: "నువ్వుల నూనె లేబుల్ మీద ఒత్తు".

"నమస్తే అండీ. నేను తెనాలిలో ఉంటాను, లేబుళ్ళు, ప్యాకెట్లు డిజైన్ చేస్తుంటాను. పోయిన వారం మా అమ్మ మీ నువ్వుల నూనె అర లీటరు సీసా కొన్నది.

లేబుల్ మీద 'నువ్వుల' అన్న మాటలో వ ఒత్తు కిందికి రాకుండా విడిపోయి 'నువ్‌వుల' అని పడింది. మీ ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద మీరు రాసిన చోట అదే మాట సరిగ్గా ఉంది. కాబట్టి ఇది రాసినవాళ్ళ తప్పు కాదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగుకి సంబంధించిన సెట్టింగ్ ఆన్ కాకపోతే ఇలా వస్తుంది. మీ లేబుల్ చేసేవారికి ఈ మాట చెబితే వారే సరిచేయగలరు.

ఇప్పుడున్న లేబుల్, ఆ ఒక్క మాట సరిచేసిన లేబుల్ పక్కపక్కన పెట్టి ఫొటో జతచేశాను. మిగతా డిజైన్ ఏదీ ముట్టుకోలేదు.

నన్ను చేయమంటే మీ లేబుళ్ళన్నీ చూసి, తెలుగు సరిచేసి, ప్రెస్సుకి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ఫైళ్ళు పంపిస్తాను. ఒక్కో లేబుల్‌కి 1,500 రూపాయలు తీసుకుంటాను. తర్వాతి లాటు ప్రింటింగ్‌కి ఎప్పుడు ఇస్తున్నారండీ?"

కింద పేరు, ఫోను నంబరు, తను చేసిన లేబుళ్ళున్న పేజీ లింకు ఒక్కటి. అంతే.

సబ్జెక్టు లైన్ గురించి మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. తను మొదట "మీ వ్యాపారాభివృద్ధికి ఒక చిన్న సూచన" అని పెట్టింది. అప్పులిచ్చేవాళ్ళూ, ఇన్సూరెన్సు వాళ్ళూ అలాగే పెడతారు. ఫోన్‌లో సబ్జెక్టు ముప్పై నలభై అక్షరాల దగ్గర తెగిపోతుంది కాబట్టి ఓనరుకి తన సొంతం అనిపించే మాట ముందే పడాలి. "నువ్వుల నూనె లేబుల్" అన్నది లోకంలో ఆవిడ సరుకు. చూసీ చూడనట్టు పోలేరు.

"మీ లేబుల్ చేసేవారే సరిచేయగలరు" అన్న వాక్యం తీసేయమని తను పట్టుబట్టింది. "గుట్టు చెప్పేస్తే నాకు పనెందుకు ఇస్తారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. కొందరు ఇవ్వరు. కిటుకు తెలుసుకుని, తమ్ముడితో దిద్దించుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా ఊరుకుంటారు. అయినా ఆ వాక్యం ఉండాలనే అన్నాను. అది లేకపోతే ఈ మెయిల్ జబ్బు ఉందని చెప్పి మందు పేరు దాచిపెట్టినట్టు ఉంటుంది, చదివేవాళ్ళకి భయం పెట్టి డబ్బడుగుతున్నట్టు తోస్తుంది. ఉంటే, ఎదుటి మనిషికి పని తెలుసనీ, నమ్మొచ్చనీ ఒక్క ముక్కలో తెలుస్తుంది. "నాలుగేళ్ళ అనుభవం" అన్న మాట చేయలేని పని అది చేస్తుంది. ఇదే కారణంతో జరిమానాల ప్రస్తావన కూడా రానివ్వలేదు. ఒత్తు విడిపోతే ఏ అధికారీ జరిమానా వేయడు. వేస్తాడన్నట్టు ధ్వనించడం మోసం.

ఫొటో విషయంలో మొదట పొరపాటు చేసింది. ఒత్తు సరిచేస్తూ పనిలో పనిగా లోగో మార్చింది, ఆకు బొమ్మ తీసేసింది, పసుపుపచ్చని మట్టిరంగు చేసింది. నా కంటికి బాగానే ఉంది. కానీ అక్కాచెల్లెళ్ళు ఎంతో ముచ్చటపడి వేయించుకున్న ఆకు అది. అడగకుండా ఒకరి లోగోని తిరగరాసి పంపడం, పరిచయం లేని ఇంటికి వెళ్ళి సోఫా జరిపినట్టు ఉంటుంది. పైగా అన్నీ మారిస్తే ఒత్తు సంగతి కంటికే ఆనదు. చివరికి ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ మారని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, 1080 పిక్సెళ్ళ వెడల్పుతో 250 కేబీల జేపెగ్‌గా చేసింది. ఏ ఫోన్‌లోనైనా తట్టగానే తెరుచుకుంటుంది. సరిచేసిన మాటకి ముందు ఏదో ఇంటర్నెట్‌లో దొరికిన ఫాంట్ వాడింది, దాని లైసెన్సు ఏమిటో తెలియదు. అది మార్చి రామభద్ర వేయించాను. అమెరికాలోని తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో అదొకటి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, వ్యాపారానికి వాడినా ఇబ్బంది లేదు. రేపు ఓనరు "ఇదే వేసేయ్" అంటే వెనక్కి తగ్గే పని ఉండకూడదు.

ధర రాయాలా వద్దా అన్నదాని మీద మావాళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయి. పెద్ద కంపెనీలకైతే నేనూ రాయను, పని ఎంతో తెలియకుండా లెక్క చెప్పలేం. కానీ చిన్న ఓనర్లు డిజైనరనగానే యాభై వేలేమో అనుకుని జవాబివ్వరు. చేసే పని కచ్చితంగా తెలిసినప్పుడు, ఇక్కడ నాలుగు లేబుళ్ళలో తెలుగు దిద్దడం, ధర చెప్పేస్తేనే వాళ్ళకి సుఖం. ఉచితంగా చేస్తానని మాత్రం రాయొద్దన్నాను. శాంపిల్ పేరుతో ఫ్రీగా మొదలైన పని ఫ్రీగానే సాగుతుంది, ఇది నేను నా మొదటి రెండేళ్ళలో చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను.

చివరి ప్రశ్న, లాటు ఎప్పుడు ప్రింటింగ్‌కి ఇస్తున్నారన్నది, పని తెలిసినవాళ్ళే అడుగుతారు. సీసాలకి అంటించే స్టిక్కర్లు వెయ్యో రెండు వేలో కొట్టించుకుని వాడేస్తారు, కాబట్టి తర్వాతి లాటులో మార్పు తేలిక. అదే చిప్స్ ప్యాకెట్లలాంటి ప్లాస్టిక్ పౌచ్‌లు అయితే గ్రావ్యూర్ ప్రింటింగ్‌లో రంగుకో సిలిండర్ చెక్కిస్తారు. అక్షరం మార్చాలంటే ఆ అక్షరం ఏయే రంగుల్లో ఉందో ఆ సిలిండర్లన్నీ మళ్ళీ చెక్కించాలి. పౌచ్ ఓనరుకి "వచ్చే వారం మార్చేద్దాం" అని రాస్తే పని తెలియని పిల్ల అనుకుంటారు. ఎప్పుడు అవసరమో అప్పుడు గుర్తొచ్చేలా రాయాలంటే ముందు వాళ్ళ ప్రింటింగ్ ఏ రకమో చూసి రాయాలి.

తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అన్నది కూడా లేబులే చెప్పింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ అక్కాచెల్లెళ్ళు తెలుగు లిపిలోనే రాసుకుంటున్నారు, సీసా మీద అన్నిటికంటే పెద్దది తెలుగు మాట. తెలుగు తప్పు గురించి ఇంగ్లీషులో రాస్తే అతికినట్టు ఉండదు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌కి రాస్తుంటే నేనే ఇంగ్లీషులో రాయమని చెప్పేవాణ్ణి.

మంగళవారం పంపింది. వారం గడిచినా జవాబు లేదు. ఎనిమిదో రోజు అదే మెయిల్ కిందే మూడు వాక్యాలు రాయించాను: "నమస్తే అండీ. పోయిన వారం నువ్వుల నూనె లేబుల్ గురించి రాశాను, చూశారో లేదో అని. తర్వాతి లాటు ప్రింటింగ్‌కి ఇచ్చేముందు ఆ ఫొటో ఒక్కసారి చూడండి. ఇక దీని గురించి మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టను." చివరి వాక్యం రాస్తే నిజంగానే ఇంక రాయకూడదు. మూడోసారి, నాలుగోసారి వెంటపడితే ముందు రాసిన మంచి మెయిల్ కూడా పాడైపోతుంది.

ఆ సాయంత్రమే అక్కగారు ఫోన్ చేశారు. థాంక్సు లేదు, మెచ్చుకోలు లేదు. "అమ్మాయ్, నువ్వు చెప్పింది చూశాం. మరి మా కుసుమ నూనె లేబుల్ కూడా వాళ్ళే చేశారు కదా, అది సరిగ్గానే ఉందే? మేం దాన్ని చూసే ఓకే చెప్పాం" అన్నారు.

తను ఒక్క క్షణం తడబడి, మిగతా మూడు లేబుళ్ళ ఫొటోలు పంపమంది. పల్లీ నూనె "పల్‌లీ" అయింది. కొబ్బరి నూనె "కొబ్‌బరి" అయింది. కుసుమ నూనె మాత్రం చెక్కుచెదరలేదు. కుసుమలో ఒక్క ఒత్తూ లేదు. తలకట్టు తీయాల్సిన గుణింతం కూడా లేదు, ఉన్న రెండు కొమ్ములూ అక్షరం పక్కన నిలబడేవే. పొడుచుకొచ్చే తప్పు పడడానికి చోటే లేని మాటని శాంపిల్‌గా చూసి, నాలుగింటినీ అచ్చుకి పంపేశారు. అదే మాట ఫోన్‌లో చెప్పింది.

అవతల కొంచెంసేపు మాట వినబడలేదు. తర్వాత చెల్లెలితో కాబోలు, "నువ్వుల స్టిక్కర్లు ఇంకెన్ని ఉన్నాయే?" అని అడగడం వినిపించింది. పద్దెనిమిది వందలు. వాటి మీద సరైన మాట ఉన్న చిన్న స్టిక్కర్ అంటించేద్దామా అని అక్కగారు అడిగారు. అతుకు కనబడితే కొనేవాళ్ళకి కింద తేదీ మార్చారేమోనన్న అనుమానం వస్తుందని, వాటిని అలాగే వాడేసి తర్వాతి లాటుకి నాలుగూ కలిపి దిద్దుకుంటే మంచిదని ఈ అమ్మాయి చెప్పింది. "సరే, ఈ నెలాఖరుకి ప్రెస్సుకి ఇవ్వాలి, ఫైళ్ళు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని పంపిస్తా" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.